గొట్టం కడిగిన నీళ్ళు

కోనసీమలో నీళ్ళు కొనుక్కుని బతికామంటే బయటి ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. చుట్టూ కాలువలే కదా అంటారు. నిజమే. కాలువలో నీళ్ళున్నన్నాళ్ళూ మేమూ అలాగే మురిసిపోయేవాళ్ళం. ఎండాకాలం లాకులు దించి కాలువలు కట్టేస్తే తెలిసేది మా గొప్ప. అమలాపురం శివార్లో వరిచేను మెరక చేసి కట్టిన కాలనీ మాది. కింద నాలుగు, మేడమీద నాలుగు, మొత్తం ఎనిమిది ఇళ్ళు. వాటిని ఫ్లాట్లు అనాలని మా కార్యదర్శి గారు అందరికీ నేర్పారు. ఫ్లాట్లు అయితే వచ్చాయి గాని నీళ్ళు రాలేదు. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడ్డాయి. ఆ నీళ్ళకి పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, ఒంటిమీద పోసుకుంటే ఆరాక చారలు కట్టేవి.

అందుకని ఎనభైల్లో ఒక వేసవి, కాలువలు కట్టగానే, రావులపాలెం నుంచి ట్రాక్టరు ట్యాంకరు మాట్లాడారు. గోదావరి గట్టు పక్క బోరు నీళ్ళు. రోజు విడిచి రోజు ఒక ట్రిప్పు. ఆ ట్యాంకరు లెక్క రాసే పని నా నెత్తిన పడింది. నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని, వేసవి సెలవులు. మా ఇల్లు కింద మూడో నంబరు, ట్యాంకరు ఆగేది సరిగ్గా మా గుమ్మం ఎదుట. "మీరైతే ఖాళీగా ఉంటారు కదండీ" అన్నారు కార్యదర్శి గారు. మంచంలో ఉన్న మనిషిని చూసుకునే ఆడదాన్ని ఖాళీ అనడానికి చాలా చదువు ఉండాలి. ఆయన కాలేజీలో కామర్సు లెక్చరరు.

మంచంలో ఉన్నది మా అమ్మ. తుంటి ఎముక విరిగి అప్పటికి నాలుగు నెలలైంది. పడుకుని పడుకుని వీపు మీద పుండ్లు పడ్డాయి. రోజూ ఒళ్ళు తుడవాలి, దుప్పట్లు ఉతకాలి. బోరు నీళ్ళు తగిలితే అమ్మ పళ్ళు బిగబట్టి గోడ వైపు చూసేది, అరిచేది కాదు. మంచినీళ్ళతో కడిగిన రోజున పుండు కాస్త ఆరినట్టుండేది. ఆ వేసవి నాకు ట్యాంకరు అంటే అమ్మ వీపు. మిగతావాళ్ళకి కాఫీ, పప్పు, మడి.

లెక్క విధానం చెప్తాను, ఎందుకంటే ఆ తగువంతా అందులోంచే పుట్టింది. ట్యాంకరు రాగానే చదునైన చోట నిలబెట్టించాలి. వాచ్‌మన్ పైకెక్కి మూత తీసి గీతలు పెట్టిన వెదురు కర్ర దింపుతాడు. కర్ర ఎంతవరకు తడిసిందో నేను పుస్తకంలో రాసుకోవాలి. డ్రైవరు ఇచ్చిన చీటీ నంబరు పక్కన రాసి, అతని దగ్గరుండే సగం మీద సంతకం పెట్టాలి. తర్వాత గొట్టం తగిలించి ఒక్కో ఇంటివాళ్ళూ బిందెలు పట్టుకుంటారు, ఎవరి బిందెలు వాళ్ళ నంబరు కింద గీతలు గీస్తాను. ట్యాంకరు నిండుగా ఉంటే రెండు వందల నలభై బిందెలు, ఇంటికి ముప్ఫై. వారం చివర బిల్లు వస్తే అందులో ఉన్న చీటీ నంబర్లు మా పుస్తకంలో ఉన్నాయో లేదో టిక్కులు పెట్టుకోవాలి. ఇంతే. ఆరో తరగతి పిల్లలు చేస్తారు.

మా కాలనీ పెద్దలు మాత్రం మొదటి వారమే దీన్ని పీకల మీదికి తెచ్చుకున్నారు. కర్ర మీద గీతలు పెట్టింది కార్యదర్శి గారు. అడుగు నుంచి పైదాకా సమానంగా భాగాలు చేసి రంగు పూశారు. పడుకోబెట్టిన పీపాకి పైన, కింద సన్నం, నడుం లావు. నడుము దగ్గర అంగుళం నీళ్ళూ మెడ దగ్గర అంగుళం నీళ్ళూ ఒకటి కాదు. నాలుగడుగుల లోతున్న ట్యాంకరు ఒకరోజు రెండంగుళాల వెలితితో వస్తే ఆయన ఇరవై నాలుగో వంతు బిల్లు కోసేశారు. నిజానికి పోయినది అందులో సగం కూడా లేదు. చెప్పాను. "అలాగాండీ" అని నవ్వారు. ట్యాంకరు ఆసామి వచ్చి గొడవ పెట్టాక, ఖాళీ ట్యాంకరులో బిందెలు కొలిచి పోయించి గీతలు కొత్తగా పెట్టించాం. ఆ సలహా ఆయనదేనని ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటారేమో.

బిందెల సంగతి ఇంకా వింత. కొలతకి అందరికీ ఒకటే బిందె పెడితే తేలిక. నేను అదే అన్నాను. ఎవరూ కాదనలేదు, ఔననలేదు. ఆయ్, ఆయ్ అంటూ తలలూపి మర్నాడు ఎవరి బిందె వాళ్ళు తెచ్చుకున్నారు. మా గోదావరి జిల్లా మర్యాద అలాంటిది. మొహం మీద కాదనరు, వీపు తిప్పాక చేయరు. ఒకటే బిందె అంటే దాన్ని మేమూ ముట్టుకోవాలి కదా. మేము క్రైస్తవులం. మా తాత ఈ కాలనీ ఉన్న చేలోనే ఊడ్పుకి వచ్చేవాడని అమ్మ చెప్పేది. సరే, స్కూలు నుంచి కొలపాత్ర తెచ్చి ఎవరి బిందె వాళ్ళకి కొలిచి మెడ దగ్గర గీత పెట్టాను. నేను కొలిచిన బిందెల్ని వాళ్ళు ఇంటికెళ్ళి చింతపండుతో తోముకున్నారు. గీతలు కూడా పోయేలా తోమారు, మళ్ళీ పెట్టాల్సి వచ్చింది.

ఇంత జాగ్రత్త చేసినా లెక్క కుదరలేదు. కర్ర చూస్తే ట్యాంకరు నిండుగా ఉంటుంది. గీతలు కూడితే పది, పదిహేను బిందెలు తక్కువ. చివర పట్టుకునేవాళ్ళకి గొట్టంలోంచి గాలి వచ్చేది. అన్యాయం జరగకూడదని వంతులు తిప్పేవాళ్ళం. ఇవాళ ఒకటో నంబరుతో మొదలుపెడితే వచ్చే ట్రిప్పుకి రెండో నంబరుతో మొదలు. అందుకని తిట్లు కూడా వంతుల వారీగా వచ్చేవి. ఇంకా చిత్రం, ఈ వెలితి ఒక్కోరోజు ఒక్కోలా ఉండేది. ఒకరోజు పదిహేను, ఒకరోజు ఆరు, ఒకరోజు అసలు లేనే లేదు. కార్యదర్శి గారు ఎర్రసిరా, నల్లసిరా పెట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చున్నారు. ఆయనకి దొరకలేదు. నాకు మొదటి రోజే దొరికింది, కళ్ళెదుట జరుగుతుంటే దొరక్కేం.

నేను పట్టుకోవడం అయ్యాక గొట్టం నాలుగో నంబరావిడ చేతికి వెళ్ళేది. ఆవిడ బిందె పక్కన పెట్టి, గొట్టం మూతి నేలవైపు వంచి, చేత్తో తోముతూ నీళ్ళు వదిలేది. రెండు బిందెలు, ఒక్కోసారి మూడు. "ఎండకి గొట్టంలో నీళ్ళు వేడెక్కిపోయేయండీ టీచరు గారూ, చల్లబడే దాకా వదుల్తున్నా" అనేది. చాలా మంచి మాటతీరు. ఆ తర్వాత ఐదో నంబరావిడకి నాలుగో నంబరావిడ కడిగింది చాలేది కాదు. ఇంకో రెండు బిందెలు. నాలుగో నంబరువాళ్ళు పుట్టుకతో మడివాళ్ళు, వేదం చదువుకున్న కుటుంబం. వాళ్ళదైనా ఒక పద్ధతి అనుకోవచ్చు. మిగతావాళ్ళు వాళ్ళని చూసి ఈ కాలనీకి వచ్చాక నేర్చుకున్నవాళ్ళు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, వాళ్ళ కడుగుడు ఇంకా ఎక్కువ.

నా వంతు ఇంకా రాకముందు ఆరో నంబరువాళ్ళ తర్వాత ఏడో నంబరు పట్టుకున్నప్పుడు గొట్టంలో నీళ్ళు వేడెక్కేవి కావు. రెండో నంబరు తర్వాత నేను పట్టుకున్నా వేడిగా ఉండేవి కావు. సూర్యుడు నా వంతు అయ్యేదాకా కాచుకుని కూర్చునేవాడు. నాది మొదటి వంతు అయిన రోజున నా వెనక ఏడు ఇళ్ళు, వెలితి పదిహేను. నడిమి వంతు రోజున ఆరో ఏడో. నాది చివరి వంతు అయిన రోజున లెక్క బిందె తేడా లేకుండా సరిపోయేది. ఆ సూత్రం కామర్సు లెక్చరరుకి ఎర్రసిరాలో కనబడలేదు. కనబడలేదో, చూడలేదో.

నేను పుస్తకంలో ఎనిమిది నంబర్ల పక్కన తొమ్మిదో గడి గీశాను. దాని మీద 'గొట్టం కడిగినవి' అని రాసి, నేల మీద పోయిన బిందెలు అంచనాగా అందులో వేశాను. అది వేశాక మొత్తం కర్ర లెక్కతో సరిపోయింది. కార్యదర్శి గారు చూసి, "ఇదెందుకండీ? ఇది వాడకం కాదు కదా. ఇళ్ళ వాడకం మట్టుకు రాయండి చాలు" అన్నారు.

"మరి నీళ్ళు ఎటు పోయేయని రాయమంటారండీ?" అన్నాను.

"ఎటో పోయాయని ఎవరన్నారు? ట్యాంకరువాడు తక్కువ తెస్తున్నాడు" అన్నారు. ఆ గడి మీద స్కేలు పెట్టి అడ్డంగా గీత కొట్టి సంతకం కూడా చేశారు. కొట్టివేత కూడా నియమం ప్రకారం జరగాలి కదా.

ఆ వారం బిల్లులో కోత పెట్టారు. ట్యాంకరు ఆసామి మళ్ళీ వచ్చాడు. అరటిగెలల వ్యాపారం చేసుకునే పెద్దమనిషి, గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు. "ఆయ్, నా ట్యాంకరు నిండుగా ఉందని మీ కర్రే చెప్తోందండి. నా ట్యాంకరులో మీరే బిందెలు పోసి గీతలు పెట్టుకున్నారు. ఇప్పుడు మీ కర్ర అబద్ధమంటారా, మీ గీతలు అబద్ధమంటారా? ఏదోటి చెప్పండి, రేపట్నుంచి వేరే కాలనీకి తోలుకుంటాను" అన్నాడు. కోత వెంటనే తీసేశారు. నీళ్ళవాడు వెళ్ళిపోతే నాలుగో నంబరువాళ్ళు గొట్టం దేనితో కడుగుతారు?

అతను కాదని తేలాక ఎవరో ఒకరు కావాలి. ఆదివారం సాయంత్రం డాబా మీద మీటింగు పెట్టారు. మా ఆయనది కాట్రేనికోనలో ఉద్యోగం, అయినా ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నారు. నేనే వెళ్తానన్నాను. మీటింగులో ఎవరూ నన్ను దొంగ అనలేదు. అలా అనే మోటుతనం మా వైపు లేదు. ఐదో నంబరాయన, "టీచరు గారింట్లో పెద్దావిడ ఉన్నారు, పాపం. దుప్పట్లూ అవీ ఉంటాయి. ఎక్కువ నీళ్ళు అవసరమే కదండీ" అన్నాడు. నాలుగో నంబరావిడ, "అవసరమేనండీ, మేం కాదనలేదు" అంది. ఇంకొకరు, "లెక్క రాసేది కూడా వారే కదా, ఎప్పుడైనా మర్చిపోతారు, మనిషన్నాక" అన్నారు. అమ్మ మీద జాలి పడుతూనే నన్ను దొంగని చేశారు. అంత చక్కటి తెలుగులో, అంత మెత్తగా నా జన్మలో నన్ను ఎవరూ తిట్టలేదు.

కార్యదర్శి గారు తీర్పు చెప్పారు. వెలితి వచ్చిన రోజున ఆ వెలితి మూడో నంబరు వాటాలోంచి తగ్గిస్తారు. పదిహేను బిందెల వెలితి అంటే నా ముప్ఫైలో సగం. అంటే అమ్మ ఒళ్ళు మళ్ళీ ఉప్పునీళ్ళతో తుడవాలి. నాకు ముందు గుర్తొచ్చింది అవమానం కాదు, అమ్మ పళ్ళు బిగబట్టడం. తల దించుకున్నాను. ఆయన దాన్ని చూసి నేను మెత్తబడ్డాననుకున్నారు. "లేదా ఇంకో మార్గం ఉందండీ. మీరు ఎప్పుడూ చివరి వంతే తీసుకోండి. అప్పుడు ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నారు.

చివరి వంతు రోజున వెలితి ఉండదని ఆయనకి తెలుసన్నమాట. ఎర్రసిరాలో కనబడిందన్నమాట. ఒప్పుకుంటే నాకు ముప్ఫై బిందెలూ వస్తాయి, నిజమే. కానీ మా తాత ఊరి చెరువు దగ్గర ఎవరైనా పోస్తారేమో అని కుండ పట్టుకుని దూరంగా నిలబడ్డ చోటు అదే. నేను బి.యస్సీ., బి.యిడి. చదివి, అందరితో సమానంగా చందా కట్టి, మళ్ళీ అక్కడికే వెళ్ళి నిలబడాలన్నమాట. "వెలితి నా వాటాలోంచి తగ్గించండి" అన్నాను, "కానీ ఎందుకు తగ్గిస్తున్నారో తీర్మానాల పుస్తకంలో రాయండి. సంతకం పెడతాను." ఎవరూ రాయలేదు. రాయకుండానే తగ్గించారు.

తర్వాతి ట్రిప్పుకి మొదటి వంతు నాదే. వాచ్‌మన్ తలవంచుకుని, కార్యదర్శి గారు వెలితి ముందే లెక్కగట్టి చెప్పినట్టు నా పదిహేనో బిందె దగ్గర కవాటం కట్టేశాడు. నాలుగో నంబరావిడ గొట్టం అందుకుని, ఎప్పటిలాగే మూతి కిందికి వంచి నీళ్ళు వదిలింది. ఆ నీళ్ళు నేల మీద పడి మా గుమ్మం ముందు నుంచి కాలువ కట్టి పోతున్నాయి. గోదావరి నీళ్ళు, తెల్లగా, తియ్యగా. లోపల అమ్మ మంచం కిర్రుమంది. నాకు వచ్చిన కోపానికి ఆ గొట్టం లాక్కునేదాన్నే. లాక్కోలేదు. లోపలికెళ్ళి బకెట్టు తెచ్చి ఆ ధార కింద పెట్టాను.

ఆవిడ ఉలిక్కిపడి, "ఏంటండీ టీచరు గారూ?" అంది.

"మీరు వదిలేసే నీళ్ళే కదండీ. వేడెక్కిపోయాయన్నారు. మా అమ్మకి వేడినీళ్ళే మంచిదని డాక్టరు గారు చెప్పారు" అన్నాను.

ఆవిడ కార్యదర్శి గారి వైపు చూసింది. ఆయన పుస్తకం వైపు చూశారు. ఆ నీళ్ళు వాడకం కాదని సంతకం పెట్టి కొట్టేసింది ఆయనే. వాడకం కాని నీళ్ళు నా వాటాలో ఎలా రాస్తారు? బకెట్టు నిండింది, ఇంకోటి పెట్టాను. ఐదో నంబరావిడ వచ్చి అలవాటు కొద్దీ కడిగింది, దాని కింద కూడా పెట్టాను. ఏడు ఇళ్ళవాళ్ళూ కడిగారు. తగ్గించిన నా పదిహేనూ తిరిగి నా ఇంట్లోకే వచ్చాయి. ఆ సాయంత్రం అమ్మని తనివితీరా మంచినీళ్ళతో కడిగాను. అంత తృప్తి నాకు నా పెళ్ళి రోజున కూడా లేదు.

ఇలా నాలుగైదు ట్రిప్పులు నడిచింది. బకెట్టు చూసి వాళ్ళు ఇంకాస్త గట్టిగా కడిగేవాళ్ళు, అందుకని ఒక్కోరోజు నా ముప్ఫై మీద ఐదారు బిందెలు ఎక్కువే వచ్చేవి. శాస్త్రం ప్రకారం చూస్తే, తెగని ధార కింద మా బకెట్టు ఉంటే ఆ ధార మీదుగా మైల పైకి పాకి గొట్టానికి అంటుకోవాలి. అంటే కడిగే కొద్దీ మైల. ఈ సంగతి మొదటి రోజున ఎవరికీ తట్టలేదు. గుమ్మంలో నాలుగు బకెట్లు, ఒక గంగాళం వరసగా నిండి ఉండటం చూశాక తట్టింది. మేడమీద ఆడవాళ్ళు పిట్టగోడ దగ్గర చేరి వాటిని లెక్కపెట్టుకోవడం నేను చూశాను. మైల వల్ల వాళ్ళకి నిద్ర పట్టకపోయిందో లేదో నాకు తెలీదు, ఆ గంగాళం వల్ల మాత్రం పట్టలేదు.

ఆ తర్వాతి ట్రిప్పుకి నేను బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. నాలుగో నంబరావిడ గొట్టం నా చేతిలోంచి అందుకుంది. ఒక్క క్షణం ఆగింది. మూతి వంచలేదు, తోమలేదు. నా చేతి తడి ఇంకా ఆరని గొట్టాన్ని తిన్నగా తన ఇత్తడి బిందెలో పెట్టుకుంది. ఐదో నంబరావిడా అంతే, మిగతావాళ్ళూ అంతే. ఎవరి మొహాలూ మాడిపోలేదు, ఎవరి వంటింట్లోనూ దేవుడు లేచిపోలేదు. తరతరాల మడి నేల మీద పోయినన్నాళ్ళు బాగానే ఉంది, నా బకెట్లో పడేసరికి ఖర్చు ఎక్కువనిపించింది.

వెలితి పోయింది. నా ముప్ఫై నాకు వచ్చాయి, అంతకి మించి రాలేదు. కార్యదర్శి గారు ఆ నెల నోటీసు బోర్డు మీద, కమిటీ గట్టిగా అడగడం వల్ల ట్యాంకరు సరఫరా సక్రమంగా జరుగుతోందని చక్కటి దస్తూరితో రాసి పెట్టారు.

గొట్టం కడగని ఆ మొదటి రోజున నేను విరగబడి నవ్వుకుంటూ లోపలికొచ్చి అమ్మకి చెప్పాను. వాళ్ళు కడగడం మానేశారే, నా చేతి గొట్టం అలాగే పట్టుకున్నారే అన్నాను. అమ్మ నవ్వలేదు. మెల్లగా గోడ వైపు తిరిగి, "అప్పుడే మానేసేరా?" అంది. "ఇంకో పది రోజులు మనల్ని అంటరానివాళ్ళుగా ఉంచితే ఏం పోయింది వాళ్ళకి? నా వీపు మానిపోయేది."